150 అంటే ఎన్ని అక్షరాలు?

ఇన్‌స్టాగ్రామ్‌లో మన గురించి రాసుకునే చోటు 150 అక్షరాలది. ఎక్స్‌లో 160. పోటీల ఫారాల్లోనూ, ఉపకారవేతనాల ఫారాల్లోనూ "మీ గురించి" అని ఒక చిన్న పెట్టె ఉంటుంది, దాని కింద ఇలాంటిదే ఒక అంకె ఉంటుంది. తెలుగులో రాద్దామని మొదలుపెట్టిన వాళ్ళు సగంలోనే పెట్టె నిండిపోయి, "తెలుగు ఎక్కువ చోటు తింటుంది" అనేసి ఇంగ్లీషుకు మారిపోవడం మన తరగతిలోనే చాలాసార్లు చూశాను. ఆ మాట నిజమో కాదో కూర్చుని లెక్కపెట్టి చూశాను. సగం నిజం, సగం కాదు. ఆ రెండు సగాలూ ఎక్కడున్నాయో తెలిస్తే ఫారం నింపడం సులువవుతుంది.

మన క్లాసులో ఒకామె ఒక వ్యాసరచన పోటీకి ఫారం నింపింది. పరిచయాన్ని ముందు ఫోనులో రాసిపెట్టుకుని, అక్కడి నుంచి కాపీ చేసి పెట్టెలో వేసింది. రాసింది ఇది:

"నేను ప్రస్తుతం బి.ఏ. తెలుగు రెండవ సంవత్సరం చదువుతున్నాను. నాకు చిన్నప్పటి నుండి సాహిత్యం అంటే చాలా ఆసక్తి. మా అవ్వ పాడే తెలుగు పాటలను సేకరించి నోటు పుస్తకంలో వ్రాస్తూ ఉంటాను. భవిష్యత్తులో మంచి అధ్యాపకురాలిని కావాలనేది నా ఆశయం."

పోటీవాళ్ళు వేసిన పుస్తకంలో ఆమె పరిచయం "సేకరించి నోటు పు" దగ్గర ఆగిపోయింది. ఎవరూ కావాలని కత్తిరించలేదు. ఇలాంటి పెట్టెలో ఒక్కొక్క అక్షరం కొడుతూ పోతే నిండగానే ఆగిపోతుంది, మనకు తెలుస్తుంది. కాపీ చేసి ఒకేసారి వేస్తే మాత్రం పట్టినంత ఉంచుకుని, మిగిలింది ఏమీ చెప్పకుండా వదిలేస్తుంది. చిన్న పెట్టెలో కడపటి ముక్క కనబడదు కాబట్టి, అంతా పడిందనే అనుకుంటాం.

"నేను లెక్కపెట్టే వేసినానే, 150 లోపలే ఉండింది" అని ఆమె అంటుంది. ఆమె లెక్క తప్పు కాదు. ఛందస్సు క్లాసులో గణాలు విడదీసేటప్పుడు లెక్కపెట్టినట్టు లెక్కపెడితే ఆ పరిచయంలో ఉన్నవి 91 అక్షరాలే. మాటల మధ్య ఖాళీలు 29, చుక్కలు 6 కలుపుకున్నా 126. పెట్టె మాత్రం దాన్ని 226గా లెక్కేసింది.

ఈ తేడా ఎక్కడిదంటే, మనం అక్షరం అనేదీ పెట్టె అక్షరం అనేదీ ఒకటి కాదు. కంప్యూటర్లలో అన్ని భాషల లిపులకూ అంకెలు కేటాయించే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 128 గదులు ఉన్నాయి. అచ్చులకు తలా ఒక గది, హల్లులకు తలా ఒక గది. గుణింతపు గుర్తులకు, అంటే దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం లాంటివాటికి, మళ్ళీ వేరే గదులు. సున్నకు ఒకటి, పొల్లుకు ఒకటి. ఒత్తులకు మాత్రం సొంత గది లేదు. ఒత్తు కావాలంటే ముందు పొల్లు పెట్టి, తర్వాత ఆ హల్లు పెట్టాలి. అక్షరాల కింద ఒత్తుగా చూపించే పని తెర చూసుకుంటుంది. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకు ఈ పొల్లు కంటికి కనబడదు, కానీ లోపల ఉంటుంది. పెట్టె లెక్కపెట్టేది ఎన్ని గదుల గుర్తులు వాడామని.

కాబట్టి చేతివేళ్ళ మీద లెక్కకు ఒక సూత్రం పెట్టుకోవచ్చు. ప్రతి అక్షరానికీ ఒకటి. తలకట్టుకు ఏమీ లేదు. వేరే గుణింతం ఏదైనా ఉంటే ఇంకొకటి. సున్న ఉంటే ఒకటి. పొల్లు ఉంటే ఒకటి. ఒక్కో ఒత్తుకు రెండు. ఖాళీలు, చుక్కలు ఒక్కొక్కటి. కాగితం మీద చోటే అడగని ఒత్తు పెట్టెలో అన్నిటికంటే ఖరీదు.

"స్త్రీ" తీసుకోండి. ఛందస్సులో ఒకే అక్షరం, ఒక గురువు. పెట్టెలో సకు ఒకటి, త ఒత్తుకు రెండు, ర ఒత్తుకు రెండు, దీర్ఘానికి ఒకటి, మొత్తం ఆరు. "చదువుతున్నాను" మనకు ఆరు అక్షరాలు, పెట్టెకు పదమూడు. గురులఘువులతో పెట్టెకు పని లేదు, "కి" అయినా "కీ" అయినా రెండే. వేళ్ళ మీద లెక్క మీద నమ్మకం లేకపోతే గూగుల్ షీట్స్‌లోనో ఎక్సెల్‌లోనో మొదటి గదిలో పరిచయాన్ని వేసి, పక్క గదిలో ఇది కొడితే చాలు:

```
=LEN(A1)
```

వచ్చే అంకె చాలా ఫారాలు లెక్కపెట్టే అంకే. అక్కడ ఒకటి గమనించవచ్చు. "ఫేస్‌బుక్" లాంటి మాటలో స కింద బ ఒత్తు పడకుండా ఆపడానికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది, దానికీ ఒకటి పడుతుంది. పువ్వు బొమ్మ ఒకటి పెడితే చాలాచోట్ల రెండు.

ఇప్పుడు ఆ పుస్తకంలో జరిగిందేమిటో తెలుస్తుంది. "పుస్తకంలో" అన్న మాట పెట్టెకు ప, కొమ్ము, స, పొల్లు, త అని వరసగా అందుతుంది. 150వ గుర్తు ఆ కొమ్ము అయింది, "పు" మిగిలింది. ఇంకో రెండు గుర్తుల తర్వాత కోత పడి ఉంటే "పుస్" అయ్యేది. అచ్చయిన పరిచయం చివర అర్థం లేని పొల్లు కనబడితే ఇలాంటి కోతే పడిందని అనుమానించవచ్చు. ఒక్కోసారి కోత ఇంకా మోసకారిగా ఉంటుంది. "కవిని" అనే మాటలో చివరి గుడి పోతే "కవిన" అవుతుంది, చదివేవాళ్ళు అచ్చుతప్పు అనుకుంటారు తప్ప దాని తర్వాత ఇంకో రెండు వాక్యాలు పోయాయని అనుకోరు.

226ను 150 లోపలికి తేవాలి, అంటే 76 తగ్గాలి. అందరం మొదట చేసే పని మాటలను గిల్లడం. ఖాళీలు తీసేసి "మాఅవ్వ" అని కలపడం, చుక్క తర్వాత చోటు వదలకపోవడం. వాక్యాల మధ్య ఖాళీలన్నీ తీసినా మిగిలేది మూడు. చదవడానికి మాత్రం కష్టమవుతుంది. అక్షరాలను కాకుండా ముందు వాక్యాలను చూడాలి.

మొదటి వాక్యం 57 గుర్తులు. కోర్సు, సంవత్సరం, పేరు, కాలేజీ ఫారంలో వేరే పెట్టెల్లో ముందే రాసింది. అదే ఇక్కడ మళ్ళీ రాస్తే పోటీవాళ్ళకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. దాని వెనక ఖాళీతో కలిపి తీసేస్తే 168 మిగిలాయి. రెండో వాక్యం "సాహిత్యం అంటే చాలా ఆసక్తి". ఇది వ్యాసరచన పోటీకి వచ్చే ప్రతి ఒక్కరూ రాయగలిగిన వాక్యం. పైగా మూడో వాక్యంలో ఆ ఆసక్తి ఏమిటో కనబడుతూనే ఉంది. అదీ తీస్తే 119. రెండు వాక్యాలు పోయేసరికి హద్దు కంటే 31 తక్కువకు వచ్చేశాం, ఒక్క మాట కూడా గిల్లకుండానే.

ఇక్కడ ఆమె, "ఉన్న మర్యాద అంతా తీసేసినావు, ఇంక మొండిగా ఉంది" అంది. నిజమే, కాబట్టి మిగిలిన చోటులో ఆమెకు మాత్రమే చెందిన సంగతులు పెట్టాలి. నేను మూడు ప్రశ్నలు అడిగాను. అవి ఎప్పుడు పాడే పాటలు? ఎన్ని రాశావు? ఎక్కడ? అవ్వ రాగులు విసురుతూ పాడేదట. ఎన్ని అన్నదానికి నోటుబుక్కు తెచ్చి లెక్కపెట్టింది, 34. ఊరు హోసూరు దగ్గర పల్లె. ఇవేవీ ముందు రాసినదాంట్లో లేవు. అవి పట్టడానికి చోటు లేక కాదు, ఆ చోటంతా "ప్రస్తుతం", "భవిష్యత్తులో", "ఆశయం" ఆక్రమించాయి.

తర్వాత మాటలు. "వ్రాస్తూ ఉంటాను" 15 గుర్తులు. వకారం వదిలేసి, సంధి చేసి "రాస్తుంటాను" అంటే 11. అది అలవాటు చెప్పే మాట. 34 పాటలు చేతిలో ఉన్నప్పుడు "రాసిపెట్టాను" అంటే పని అయినట్టు తెలుస్తుంది. అది 12, ఒక గుర్తు ఎక్కువైనా అదే నయం. "రాసిపెట్టుకున్నాను" అంటే 18 అవుతుంది, అర్థంలో పెద్ద తేడా లేదు. "అధ్యాపకురాలిని" 14, "టీచరు" 5. మాట్లాడే మాట ఎప్పుడూ పొట్టిగా ఉంటుందని కాదు. "రెండవ" అన్నా "రెండో" అన్నా అయిదే. ఒత్తులు ఎక్కడ తగ్గుతున్నాయో అక్కడే లాభం.

చివరికి వచ్చింది ఇది:

"రాగులు విసురుతూ మా అవ్వ పాడిన తెలుగు పాటలు 34 రాసిపెట్టాను. మాది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు టీచరు కావాలని కోరిక."

వాక్యాలు వరసగా 59, 24, 27, 27. మధ్య ఖాళీలు మూడు. మొత్తం 140. "ఇంట్లో తెలుగు, బడిలో తమిళం" తీసేస్తే ఇంకా చోటు మిగులుతుంది కదా అని ఆమె అడిగింది. నేను వద్దన్నాను. మనకది రోజూ ఉండేదే కాబట్టి సంగతిలా అనిపించదు. గుంటూరులోనో వరంగల్లులోనో కూర్చుని ఫారం చదివేవాళ్ళకు, అవ్వ పాటలను తెలుగులో రాసిపెట్టడానికి ఈ అమ్మాయి ఎందుకు పూనుకుందో ఆ నాలుగు మాటలే చెబుతాయి. మిగిలిన పది గుర్తులను అలాగే వదిలేశాం. చోటుందని "చాలా" అనో "మంచి" అనో చేర్చాల్సిన పని లేదు. ఒకవేళ మళ్ళీ ఎక్కడైనా కోత పడినా, ముఖ్యమైన వాక్యం ముందే ఉంది కాబట్టి కోరిక పోతుందేమో గాని పాటలు పోవు.

మరి ఇంగ్లీషు సంగతి? ఆ మొదటి వాక్యాన్నే ఇంగ్లీషులో పెట్టి లెక్కేశాను. తెలుగులో 59, ఇంగ్లీషులో 76. "రాసిపెట్టాను" అన్న ఒక్క మాటలో నేను అనేదీ, పని అయిపోయిందనేదీ రెండూ ఉన్నాయి, ఇంగ్లీషులో వాటికి విడి మాటలు కావాలి. తెలుగు అనే మాటకు మన లిపిలోనూ ఆరే, ఇంగ్లీషు లిపిలోనూ ఆరే. కాబట్టి ఇలాంటి పెట్టెలో తెలుగు ఎక్కువ చోటు తింటుందనేది నిజం కాదు.

నిజమయ్యే సగం ఇంకో రకం పెట్టెలో ఉంది. ఆమె అదే పాత పరిచయాన్ని ఒక ఉపకారవేతనం ఫారంలో కూడా వేసింది. అక్కడా హద్దు 150 అనే ఉంది. దాఖలు చేశాక వచ్చిన కాపీలో మొదటి వాక్యం కూడా పూర్తి కాలేదు. "చదువుతున్నాన" అని ఉండి, దాని పక్కన నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం ఉంది. అక్కడ లెక్క గుర్తులది కాదు, బైట్లది. మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం, అంకె, ఖాళీ, చుక్క తలా ఒక బైటులో పడతాయి. తెలుగు గుర్తు ప్రతి ఒక్కదానికీ మూడు బైట్లు కావాలి. ఆ మొదటి వాక్యంలో తెలుగు గుర్తులు 48, ఖాళీలు చుక్కలు కలిపి 9. అంటే 144, 9 కలిపి 153. చివరి కొమ్ముకు మూడు బైట్లు కావాలి, మిగిలింది ఒక్కటే. ఆ ఒక్క బైటు ఏ అక్షరమూ కాదు కాబట్టి వజ్రం కనబడింది. పరిచయం చివర అలాంటి వజ్రం ఉంటే అది బైట్ల పెట్టె అని గుర్తుపట్టవచ్చు.

150 అని అందరికీ ఒకే అంకె రాసినా, ఆ పెట్టె ఇంగ్లీషుకు 150 అక్షరాలు ఇస్తుంది, మనకు 50 గుర్తులే ఇస్తుంది. ఇది మన ఒక్క లిపికే కాదు. మా నాన్న కోసం అరవంలో రాసి చూశాను, అక్కడా గుర్తుకు మూడే. కన్నడానికీ అంతే.

ఏ పెట్టె ఏ రకమో ముందే తెలుసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. పెట్టె పక్కన ఇంకా ఎన్ని మిగిలాయో చూపించే అంకె ఉంటే, "స్త్రీ" అని ఒక్కసారి కొట్టండి. ఆ అంకె ఆరు తగ్గితే గుర్తుల లెక్క. పద్దెనిమిది తగ్గితే బైట్ల లెక్క. ఒకటో మూడో తగ్గితే ఆ పెట్టె మనలాగే అక్షరాలను లెక్కపెట్టడానికి చూస్తున్నట్టు. కొత్త యూనికోడ్ నియమాల్లో ఒత్తులతో సహా అంతా ఒకటే అక్షరం, పాతవాటిలో ప్రతి పొల్లు దగ్గరా విరిగి మూడయ్యేది. అంకె చూపించని పెట్టె అయితే, పరిచయాన్ని వేశాక చివరి మాట దాకా జరిపి చూడాలి. ఆ తర్వాత దాఖలు చేసే ముందు వచ్చే పేజీలోనూ, తర్వాత వచ్చే మెయిల్‌లోనూ చివరి మాట ఉందో లేదో చూడాలి. కొన్నిచోట్ల పెట్టె అంతా తీసుకున్నట్టే కనబడి, కోత లోపల దాచుకునేటప్పుడు పడుతుంది. కాబట్టి పెట్టెలో కనబడటం ఒక్కటే సాక్ష్యం కాదు.

బైట్ల పెట్టె అని తేలితే 140 గుర్తుల పరిచయం అందులో పట్టదు, దానికి 366 బైట్లు కావాలి. అక్కడికి ఒక్క వాక్యమే పెట్టుకోవాలి. ఆమె కోసం ఇలా కుదిరింది:

"రాగులు విసురుతూ అవ్వ పాడిన 34 పాటలు రాసిపెట్టాను. హోసూరు."

సరిగ్గా 149 బైట్లు. పాత పరిచయంలో అంతే చోటు "చదువుతున్నాను" దాకా కూడా చాలలేదు. 34ను అక్షరాల్లో "ముప్పై నాలుగు" అని రాసి ఉంటే ఇది పట్టేది కాదు, అంకెకు ఒక్కొక్క బైటే కాబట్టి పట్టింది.

ఇలా ఒక వాక్యానికి కుదించుకోవడం మన చేతిలో ఉన్న పని. పెట్టెను సరిచేయడం ఫారం పెట్టినవాళ్ళ చేతిలో ఉంది, కానీ సంగతి వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి. ఇంగ్లీషులో పరీక్షించి చూసుకుంటే వాళ్ళకు ఈ లోపం ఎప్పటికీ కనబడదు. "మీ ఫారం బాగాలేదు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆమె పంపిన మెయిల్‌లో మూడు వాక్యాలే ఉన్నాయి: "మీ గురించి అన్న పెట్టె 150 అక్షరాలని చెబుతోంది గాని 150 బైట్ల దగ్గర కోస్తోంది. తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి కాబట్టి మాకు 50 గుర్తులే దక్కుతున్నాయి. హద్దును బైట్లలో కాకుండా గుర్తుల్లో పెట్టండి, లేదా 450 బైట్లకు పెంచండి." మీకూ ఆ వజ్రం ఎదురైతే ఈ మూడు వాక్యాలను, వచ్చిన కాపీ ఫోటోతో కలిపి, ఉన్నవి ఉన్నట్టే పంపవచ్చు.